ఏడో ఎపిసోడులో పోయిన ‘యో’

మా ఇంట్లో టీవీకి ఇప్పుడు ఎన్ని నాలుకలున్నాయో లెక్క తెలియదు. మనవరాలు ఒక బటన్ నొక్కితే స్పెయిన్ దొంగ తెలుగులో తిడతాడు, ఇంకోటి నొక్కితే అదే తిట్టు హిందీలో వినిపిస్తుంది. మొన్నొక రాత్రి నిద్ర పట్టక కొరియా సీరియల్ ఒకటి పెట్టుకున్నాను. చెవులు ఈమధ్య సరిగ్గా పనిచేయటం లేదు కాబట్టి, తెలుగు మాటలతో పాటు కింద తెలుగు అక్షరాలు కూడా పడేలా చేయించుకున్నాను. పైన ఆ పిల్ల “నాకేం ఒద్దు, పో” అంటోంది. కింద “నాకు నీ సహాయం అవసరం లేదు” అని పడింది. రెండూ తెలుగే. ఒకదానికొకటి చుట్టం మాత్రం కాదు.

ఇది పొరపాటు కాదు, పద్ధతే అంత. మాటలు రాసేది ఒక చోట, కింద అక్షరాలు రాసేది మరో చోట. మాటలు రాసేవాడికి నటుడి నోటితో తగువు. అక్షరాలు రాసేవాడికి జాగాతో తగువు: రెండు వరుసలే ఉండాలి, ఒక ముక్క ఏడు సెకన్లకి మించి తెరమీద నిలబడకూడదు, చూసేవాడు చదివే వేగాన్ని దాటకూడదు. ఇంగ్లీషుకైతే వరుసకి 42 అక్షరాలన్నది చాలామంది పాటించే కొలత. మన లిపి దగ్గరకొచ్చేసరికి అదొక తమాషా. ‘స్త్రీ’ అనేది మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అట్లా విడివిడిగా లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ చేతికి దొరికితే, ‘స్త్రీ’ అని రాసినవాడు ఎక్కువ ఖర్చు పెట్టినట్టు ఎర్రగీత పడుతుంది. వాడు పాపం ‘ఆడది’ అని మారుస్తాడు. అందులో ఉన్నవి నాలుగే. గౌరవం పోతేపోయింది, జాగా మిగిలింది.

మా రోజుల్లో ఈ జాగా గొడవ లేదు. అసలు కింద అక్షరాలే లేవు. చదువు రానివాడూ హాల్లో కూర్చునేవాడు, వాడికి మాట చెవిలో పడాల్సిందే. అందుకే తెలుగువాడికి డబ్బింగ్ సినిమా అలవాటైంది. 1950లో శ్రీశ్రీ అంతటివాడు ‘ఆహుతి’ అనే హిందీ డబ్బింగ్ బొమ్మకి కూర్చుని రాశాడు, మాకు ఆద్యుడు ఆయనే. తరవాత రాజశ్రీ గారి కాలం వచ్చింది. అరవ సినిమా తెలుగులో పెద్దగా ఆడిందంటే టైటిల్స్‌లో ఆయన పేరు వెతుక్కునేవాళ్ళు. నేను అంతటివాణ్ణి కాదు. వడపళనిలో ఒక రచయిత దగ్గర అసిస్టెంటుగా చేరి, పదేళ్ళు ఆయన చెప్పింది రాసి, ఆయన కొట్టేసింది మళ్ళీ రాసి బతికినవాణ్ణి.

ఆ పని ఎట్లా ఉండేదో చెబుతాను. వెయ్యడుగుల రీలు తెరమీద పదకొండు నిమిషాలు నడుస్తుంది. దాన్ని చిన్న చిన్న ముక్కలు కోసేవాళ్ళు. ముప్ఫై అడుగుల ముక్కయితే ఇరవై సెకన్లు. ఆ ముక్క తలా తోకా అతికించి ప్రొజెక్టర్‌లో వేస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, దాన్నే లూప్ అనేవాళ్ళం. ఆర్టిస్టు మైకు ముందు నిలబడి అదే నోరు, అదే మాట మళ్ళీ మళ్ళీ చూసి, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పట్టుకుని, అప్పుడు చెప్పేవాడు. కుదరకపోతే లూప్ ఆగదు, మళ్ళీ వస్తుంది. ఒక్కో లూప్ మధ్యాహ్నం భోజనం దాకా మమ్మల్ని తిప్పేది.

దానికి ముందు రాతపని మూవియోలా మీద. మా గురువుగారు మొదట అర్థం అడిగేవాడు కాదు, పెదవులు ఎక్కడ మూసుకున్నాయని అడిగేవాడు. ప, ఫ, బ, భ, మ పలికేటప్పుడు పెదవులు కలవాల్సిందే, దాన్ని ఎవడూ దాచలేడు. తెరమీద మూసిన నోటికి మనం ‘కా’ అనిపిస్తే నేల టికెట్టువాడు కూడా నవ్వుతాడు. ఒకసారి అరవంలో హీరో వెళ్ళిపోతూ తల తిప్పి “పార్క్కలాం” అంటాడు. అంటే ‘చూద్దాం’ అని. నేను “చూద్దాం” అనే రాసిచ్చాను. గురువుగారు కాగితం చూడకుండానే, “మొదట్లో వాడి నోరు మూసుకుంది, నీది తెరిచుంది” అన్నాడు. పెన్ను తీసుకుని ముందు రెండక్షరాలు చేర్చాడు: “మరి చూద్దాం.” మొదట్లో ‘మ’తో పెదవులు కలిశాయి, చివర సున్నా దగ్గర మళ్ళీ కలిశాయి, ‘రి’ని కాస్త మింగితే నిడివి సరిపోయింది. పైగా ఆ ‘మరి’లో అరవంలో లేని ఒక బెదిరింపు కూడా వచ్చి కూర్చుంది. హాల్లో ఆ మాటకి ఈల పడింది. అదేదో మా గొప్ప అనుకున్నాం గానీ, ఆ ఈల ‘మ’ అనే అక్షరానిది.

మేమేదో వ్యాసమహర్షులమని కాదు. పెదవుల కోసం అవసరం ఉన్నా లేకపోయినా ‘మరి’, ‘మనం’, ‘మళ్ళీ’ కుక్కేవాళ్ళం. ‘డబ్బింగ్ తెలుగు’ అని ఊరికే తిట్టారా జనం? వెనక బోర్డు మీద అరవ అక్షరాలు బారెడు కనబడుతుంటే హీరో చేత “మన రాజమండ్రిలో” అనిపించేవాళ్ళం. ఆ పాపాలన్నీ మావే. కానీ ఒక్క విషయంలో మాకు చింత ఉండేది కాదు. అరవంలో ‘నీ’ అంటే నువ్వు, ‘నీంగళ్’ అంటే మీరు. పల్లెటూరి పిల్ల ‘మామా’ అంటే మేం ‘బావా’ అనేవాళ్ళం. అక్కడా మేనరికమే, ఇక్కడా మేనరికమే. ఎవరు ఎవర్ని ఏమని పిలవాలన్నది తెరమీదే రాసి ఉండేది. మాకు అరవం వచ్చు కాబట్టి చెవితో విని దించేవాళ్ళం.

ఇప్పటి గొడవ సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

మూడేళ్ళ కింద, ఒకప్పుడు మా దగ్గర పనిచేసిన కుర్రాడు (కుర్రాడంటే ఇప్పుడు వాడికీ యాభై దాటాయి) ఫోన్ చేసి, “బాబాయ్, కొరియా సీరియల్ ఒకటి తెలుగు చేస్తున్నాం, స్క్రిప్టు ఒకసారి చూసిపెట్టండి” అన్నాడు. కంపెనీ పేరు, సీరియల్ పేరు చెప్పను, వాడి ఉద్యోగం వాడికుండాలి. పదహారు ఎపిసోడ్లు. నాకొచ్చిన ఫైలులో మూడు గడులున్నాయి: టైము, ఇంగ్లీషు మాట, దాని పక్కన తెలుగు మాట. కొరియా మాట ఏదిరా అంటే, “అది ఉండదు బాబాయ్, ఇదే టెంప్లేట్” అన్నాడు. కొరియా నుంచి ఇంగ్లీషులోకి ఒకరు చేస్తారట. ఆ ఒక్క ఇంగ్లీషు ప్రతిని ముందు పెట్టుకుని తెలుగువాడూ, అరవవాడూ, ఇంకా ఎన్ని దేశాలవాళ్ళో తమ తమ భాషల్లోకి రాసుకుంటారట. తెలుగు, కొరియన్ రెండూ సరిగ్గా వచ్చినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టాలి, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు వీధికి పదిమంది. కాబట్టి చవక, తొందర. కాదనను. అయితే ఏట్లో నీళ్ళు తాగాల్సినవాడు పక్కింటి గ్లాసులో పోసింది తాగుతున్నాడన్నది మాత్రం మరిచిపోకూడదు.

సీరియల్‌లో ఒకే మేడలో పైనా కిందా అద్దెకున్న అబ్బాయి, అమ్మాయి. అమ్మాయిని మిన్‌జీ అనుకోండి, అసలు పేరు వేరే. ఇంగ్లీషు గడిలో ఎక్కడ చూసినా ‘యూ’, ‘మిన్‌జీ’. దాన్ని చూసి తెలుగు రాసిన పిల్లవాడు మొదటి సీను నుంచే “మిన్‌జీ, నువ్వు తాళం మర్చిపోయావ్” అని రాశాడు. ఇద్దరూ ఈడువాళ్ళు, నువ్వే కదా అంటారనుకున్నాడు. తప్పు పట్టలేం. గడిలో ఉన్నది అంతే.

నాకు కొరియన్ ముక్క రాదు. కానీ లూపులు వినివిని అరిగిన చెవి కదా, అర్థం తెలియకపోయినా చప్పుడు పట్టుకుంటుంది. ఎపిసోడు చూస్తుంటే రెండు చప్పుళ్ళు తగిలాయి. అబ్బాయి ఆమె పేరు పలికినప్పుడల్లా చివర ‘షీ’ అంటున్నాడు. ఇద్దరి మాటల్లోనూ దాదాపు ప్రతి వాక్యం చివరా ‘యో’ అని ఒక తోక ఉంది. ఒకటో ఎపిసోడు నుంచి ఆరు దాకా అంతే. ఏడో ఎపిసోడులో వానకి ఇద్దరూ మెట్ల కింద నిలబడతారు. అబ్బాయి చిన్న మాటేదో అడుగుతాడు, ఆమె నవ్వి తలూపుతుంది. అక్కడినుంచి ‘యో’ లేదు, ‘షీ’ లేదు. మాట మొండిగా, దగ్గరగా అయిపోయింది. రిమోట్‌తో వెనక్కి తిప్పి తిప్పి నాలుగుసార్లు చూశాను. నా పాలిట అదే లూప్.

మనవరాల్ని పిలిచాను. దానికి కొరియా సీరియళ్ళు కంఠతా. “అయ్యో తాతయ్యా, ‘యో’ అంటే మర్యాద. పేరు చివర ‘షీ’ అంటే మన ‘గారు’ లాంటిది. ఆ మెట్ల దగ్గర వాడు అడిగేది, ఇకనుంచి మర్యాదలు మానేద్దామా అని” అంది. కొరియన్‌లో దాన్ని మాట కిందికి దింపడం అంటారట. ఇంగ్లీషు గడిలో చూస్తే, మనం ఫ్రీగా మాట్లాడుకుందామా అనే అర్థంలో ఏదో ఉంది. మన పిల్లవాడు “మనం ఫ్రీగా మాట్లాడుకుందామా?” అనే దింపాడు. ఆరు ఎపిసోడ్లు నువ్వు నువ్వు అనుకున్నవాళ్ళు వానలో నిలబడి ఈ మాట అనుకుంటే దానికి తలా తోకా ఉందా?

ఇంగ్లీషువాడు పోగొట్టుకున్నాడంటే అర్థం ఉంది. వాడికి నువ్వూ మీరూ రెండూ ఒకటే, ఏదో సర్ది చెప్పుకోవాల్సిందే. మనకేం ఖర్మ? ‘మీరు’ నుంచి ‘నువ్వు’లోకి దిగటం తెలుగులో ఎంత పెద్ద సంగతో పెళ్ళయినవాణ్ణి ఎవర్నయినా అడగండి. కొరియావాడి దగ్గరున్న నాణెం మన జేబులోనూ ఉంది. దాన్ని ఇంగ్లీషు వాడి దగ్గర తాకట్టు పెట్టి, చిల్లర తెచ్చుకుంటున్నాం.

ఆ రాత్రి కూర్చుని రాశాను. కొరియన్ మాట ఐదు పలుకులు, మొదటి పలుకు ‘మ’తో మొదలవుతుంది, తరవాత ఎక్కడా పెదవులు కలవవు. నేను రాసింది: “మీరెందుకింకా?” మీ, రెం, దు, కిం, కా. ఐదే. మొదట పెదవులు కలుస్తాయి, మళ్ళీ కలవవు. అర్థం కూడా సరిగ్గా అదే. మా గురువుగారు ఉంటే కాగితం చూడకుండానే తలూపేవాడు. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. ఒకటి నుంచి ఆరు దాకా ఇద్దరి చేతా ‘మీరు’ అనిపించండి, ‘మిన్‌జీ గారూ’ అనిపించండి, ఏడులో ఈ మాట వేయండి, అక్కడినుంచి ‘నువ్వు’. కుర్రాడు కాసేపు ఏమీ అనలేదు. తరవాత “బాబాయ్, ఆరు ఎపిసోడ్లు రికార్డింగ్ అయిపోయింది. వెనక్కి వెళ్ళటానికి బడ్జెట్ లేదు” అన్నాడు. అప్పుడు తెలిసింది, నా దాకా వచ్చేసరికి గోడలు లేచిపోయాయి, నన్ను పిలిచింది సున్నం వేయటానికి.

ఇట్లాంటిదే లోకమంతా చూసిన సీరియల్‌లోనూ జరిగింది. 2021లో వచ్చిన ‘స్క్విడ్ గేమ్’లో అలీ అనే పాకిస్తాన్ కూలీ ఉంటాడు. బాగా చదువుకున్న సాంగ్‌వూని మొదట కొరియన్‌లో ‘సాజంగ్‌నిమ్’ అని పిలుస్తాడు. యజమానిని పిలిచే పిలుపు అది. కూలికొచ్చినవాడికి ఆ దేశంలో అలవాటైన మాట. సాంగ్‌వూ ఆ మాట వద్దని, ‘హ్యోంగ్’ అనమంటాడు. మగవాడు అన్నని పిలిచే పిలుపు అది. ఇంగ్లీషు అక్షరాల్లో అది ‘నన్ను సాంగ్‌వూ అని పిలువు’ అయిపోయింది. ఆ ఇంగ్లీషుని నమ్ముకుని తెలుగు రాస్తే, అలీ పెద్దవాణ్ణి పేరుపెట్టి పిలవాలి. మనలో అది చనువు కాదు, పొగరు. అదే కొరియన్ విని రాస్తే “సార్ అనకు, అన్నా అను” అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. తరవాత గోళీల ఆటలో సాంగ్‌వూ వాణ్ణి మోసం చేస్తాడు. పేరు పెట్టి పిలిచినవాడు మోసం చేయడం వేరు, అన్నా అని పిలిపించుకున్నవాడు చేయడం వేరు. ఆ తేడా తెలుగువాడికి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది ఇంగ్లీషు దారిలో. 2019లో వచ్చిన ‘ప్యారసైట్’కి ఇంగ్లీషు అక్షరాలు రాసిన డార్సీ పాకెట్ కొరియాలోనే ఉంటూ ఆ సినిమాలని లోతుగా ఎరిగినవాడు. అందులో రెండు రకాల ప్యాకెట్ నూడుల్స్ కలిపి చేసే ‘జాపగూరి’ అనే వంటకం వస్తుంది. అమెరికావాడికి తెలియదని రామెన్, ఉడాన్ రెండూ కలిపి ‘రామ్‌డాన్’ అని ఒక మాట పుట్టించాడు. దొంగ సర్టిఫికెట్టు మీద వేసే జోకులో సోల్ నేషనల్ యూనివర్సిటీ ఆక్స్‌ఫర్డ్ అయింది. వాళ్ళ ప్రేక్షకుడికి అది తెలివైన పనే. కానీ ఆ ప్రతి ముందు పెట్టుకుని తెలుగు రాసేవాడు ఏం చేయాలి? రామెన్, ఉడాన్ రెండూ జపాను మాటలు. గుడివాడలో కూర్చున్నవాడికి ‘జాపగూరి’ ఎంత తెలుసో ‘రామ్‌డాన్’ కూడా అంతే తెలుసు. అమెరికావాడికి కుట్టిన చొక్కా తెచ్చి మనకి తొడిగినట్టు. “ప్యాకెట్ నూడుల్స్ రెండూ కలిపి, అందులో ఖరీదైన మాంసం ముక్కలు వేయి” అంటే అయిపోయేది. ఆ సీనులో ఉన్న సంగతే అది, పేదవాడి నూడుల్స్ మీద గొప్పింటి మాంసం.

అన్నీ అసలు భాష విని రాస్తే బాగుపడతాయనీ అనను. ‘ఓప్పా’ అనే మాట దగ్గర నేనూ బోర్లా పడ్డాను. ఆడపిల్ల అన్నని పిలిచే పిలుపు అది. తనకంటే కాస్త పెద్దవాడైన స్నేహితుణ్ణీ, ప్రేమించినవాణ్ణీ కూడా అట్లాగే పిలుస్తారు. ‘అన్నయ్యా’ అని రాస్తే ప్రేమకథ అక్కడే రాఖీ కట్టించుకుంటుంది. అరవం అలవాటు కొద్దీ నేను ‘బావా’ అన్నాను. మనవరాలు నవ్వి నవ్వి చచ్చింది. “బావా అంటే వాడికి ఈ పిల్ల మీద హక్కున్నట్టు కదా తాతయ్యా, మేనత్త కొడుకు అన్నట్టు. వాళ్ళిద్దరూ కాఫీ షాపులో కలిశారు” అంది. ఆలోచిస్తే నిజమే. ఆ ఒక్క మాటతో సోల్ నగరానికి మేనరికం తెచ్చిపెట్టేవాణ్ణి. మరేం రాయమంటావ్ అంటే, “‘ఓప్పా’నే ఉంచండి, మా అందరికీ తెలుసు” అంది. మా రోజుల్లో పరభాష మాట ఒక్కటి మిగిలినా డబ్బింగ్ రచయితకి సిగ్గుచేటు. ఇప్పుడు తెలుగు చేయకపోవడమే ఒప్పు అంటున్నారు. ఆ పిల్ల మాట ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మన సరుకు బయటికి వెళ్ళినప్పుడూ ఇదే కథ. ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ ప్రతిగా వచ్చింది. తెలుగు ప్రతి వేరే చోట ఉంది. దేశదేశాల వాళ్ళు ‘ఇండియా సినిమా’ అని చప్పట్లు కొట్టింది ఎక్కువగా ఆ హిందీకే. ఎన్టీఆర్, రామ్‌చరణ్ హిందీ కూడా వాళ్ళే చెప్పుకున్నారు, గొంతులు వాళ్ళవే, అంతవరకు సంతోషం. కానీ తెలుగులో భీముడు తెలంగాణ యాసలో మాట్లాడతాడు, రాముడు మాట్లాడడు. అడవి నుంచి వచ్చినవాడికీ పోలీసు బట్టలేసుకున్నవాడికీ మధ్య దూరం సగం ఆ యాసలోనే ఉంది. భీముడు ‘అన్నా’ అన్నప్పుడల్లా ఆ దూరం కొంచెం కొంచెం తగ్గుతుంది. హిందీ మీదుగా ఇంగ్లీషు అక్షరాలకి చేరేసరికి అది ‘బ్రదర్’. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకు తన స్నేహితులకి సినిమా చూపిస్తూ, మధ్యలో ఆపి ఆపి ఈ తేడా చెప్పాడట. వాళ్ళు ఓపిగ్గా విని, పులులున్న సీను ఎప్పుడొస్తుందని అడిగారట.

ఇంతకీ నేను చూసిన ఆ సీరియల్ పోయిన ఏడాది వచ్చింది. మా ఆవిడ రోజుకొకటి చొప్పున చూసింది. ఏడో రోజు నేనూ పక్కన కూర్చున్నాను, చెప్పలేదు ఎందుకో. వాన వచ్చింది, ఇద్దరూ మెట్ల కింద నిలబడ్డారు. అబ్బాయి “మనం ఫ్రీగా మాట్లాడుకుందామా?” అన్నాడు. ఆమె నవ్వి తలూపింది. వెనక సంగీతం కూడా వేశారు.

మా ఆవిడ నాకేసి తిరిగింది. నలభై ఆరేళ్ళుగా నన్ను ‘మీరు’ అంటూనే ఉన్న మనిషి.

“వారం నుంచీ వీళ్ళు చేస్తోంది ఏమిటండీ మరి?” అంది. “ఇది మీరు చూసిపెట్టిందేనా?”

కాఫీ పెట్టమన్నాను.